బ్లాంకెట్ పీఓ రాసేటప్పుడు: ఏ తేదీ ధర, ఎంత సరుకుకి పూచీ

మీ ఫ్యాక్టరీకి ప్రతి వారం అవే అట్టపెట్టెలు వస్తుంటాయి. సప్లయర్ మారడు, సైజు మారదు, ప్రింటు మారదు. లారీ వచ్చిన ప్రతిసారీ కొత్త కొటేషన్, కొత్త పీఓ, మళ్లీ సంతకాలు ఎందుకని ఏడాదికి సరిపడా ఒకే బ్లాంకెట్ పీఓ ఇచ్చేద్దామనుకుంటారు. ఇవ్వండి. కానీ ఇచ్చే ముందు ఆ కాగితంలో రెండు ప్రశ్నలకి జవాబు ఉందో లేదో చూసుకోండి. ఏ తేదీ నాటి ధర కట్టాలి? సప్లయర్ దగ్గర తయారైన సరుకులో ఎంతవరకు మీ పూచీ? నేను చూసిన గొడవల్లో చాలా భాగం ఈ రెండింటి దగ్గరే మొదలయ్యాయి.

పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పర్చేజ్ చూస్తున్నప్పుడు నాకే ఇది అనుభవమైంది. ఐదు పొరల షిప్పర్ పెట్టెలు ఏడాదికి 96,000 అని బ్లాంకెట్ పీఓ ఇచ్చాం. పెట్టె 42 రూపాయలు. ఐదో నెలలో పెట్టె మీద చిరునామా మార్చాల్సి వచ్చింది. పాత ప్రింటు ఆపేయమని సప్లయర్‌కి ఫోన్ చేశాను.

“సార్, మా దగ్గర పదకొండు వేలు కొట్టి ఉన్నాయి” అన్నాడు.

“నేను షెడ్యూల్ ఇచ్చింది నాలుగు వేలకే కదండీ” అన్నాను.

“మీ పీఓలో తొంభై ఆరు వేలు ఉంది కదా సార్. నెలకి ఎనిమిది వేలు తీసుకుంటున్నారు. లారీ ఆగకూడదని ముందే కొట్టి పెట్టాం.”

మిగిలిన 7,000 పెట్టెలు, అంటే 2,94,000 రూపాయల సరుకు, ఎవరి నెత్తిన పడాలన్నది పీఓలో ఎక్కడా లేదు. ఎనిమిది నెలలు ఉత్తరాలు నడిచాక చెరి సగం భరించాం. అతను మోసం చేయలేదు. మా లైను ఆగకూడదని సరుకు సిద్ధంగా పెట్టుకున్నాడు. రాయాల్సింది రాయనిది నేను. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. లెక్కలన్నీ ఆ అట్టపెట్టెల మీదే వేస్తాను, తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు ఏ కాగితం కావాలో తేల్చుకోండి

బ్లాంకెట్ పీఓ, రేట్ కాంట్రాక్ట్, ఓపెన్ పీఓ అని ఒక్కో ఆఫీసులో ఒక్కో పేరు. దేంట్లోనైనా ఏడాది మొత్తానికి ధర, షరతులు, ఉజ్జాయింపు పరిమాణం ఒకసారి ఒప్పుకుంటారు. సరుకు కావలసినప్పుడు ఫలానా తేదీకి ఇంత పంపమని దాని మీద రిలీజ్ ఇస్తారు. ప్రతి రిలీజ్‌కీ ఒక నంబరు ఉంటుంది. షెడ్యూలింగ్ అగ్రిమెంట్‌లో విడి ఆర్డర్లు ఉండవు. ఒకే డాక్యుమెంట్ కింద తేదీ, పరిమాణం, మళ్లీ తేదీ, పరిమాణం అని వరసలు పెరుగుతూ పోతాయి.

బేరింగులు, బెల్టులు, స్టేషనరీ లాంటివి ఒకే డీలరు దగ్గర రకానికి కొంచెం చొప్పున, అవసరం పడ్డప్పుడు కొంటుంటే బ్లాంకెట్ పీఓ చాలు. ఒకటి రెండు ఐటమ్‌లు ప్రతి వారం, ప్లానింగ్‌ని బట్టి వస్తుంటే షెడ్యూలింగ్ అగ్రిమెంట్ పెట్టండి. మా పెట్టెలది ఈ రెండో రకం.

ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అందులో `FO` రకం ఆర్డర్‌ని కూడా బ్లాంకెట్ పీఓ అనే పిలుస్తారు. అది వాలిడిటీ, గరిష్ఠ మొత్తం పెట్టి, సరుకు అందినట్టు రాసే జీఆర్ఎన్ లేకుండానే బిల్లులు కట్టడానికి ఉన్నది. తోటపని, చిన్న రిపేర్ల లాంటి ఖర్చులకి బాగుంటుంది. లెక్కపెట్టి దించుకునే సరుకుకి అది వాడొద్దు. స్టోర్స్‌లో ఎంత దిగిందో దాంట్లో కనపడదు. పెట్టెల లాంటి వాటికి `ME31L`లో షెడ్యూలింగ్ అగ్రిమెంట్ చేయండి. డాక్యుమెంట్ రకం `LP` కాకుండా `LPA` తీసుకోండి. `LPA`లో మీరు పంపిన ప్రతి రిలీజ్ అప్పుడు ఎలా ఉందో అలాగే నిలిచిపోతుంది. షెడ్యూల్ తర్వాత పదిసార్లు మార్చినా “ఫలానా రోజు మీకు పంపింది ఇదీ” అని తీసి చూపించవచ్చు. `LP`లో ఆ చరిత్ర ఉండదు.

ఏడాది పరిమాణం రాసే తీరు

పరిమాణం పోయినేడు కొన్నదాన్ని బట్టి కాక వాడినదాన్ని బట్టి వేయండి. స్టోర్స్ నుంచి ప్రొడక్షన్‌కి ఇష్యూ అయిన లెక్క 12 నెలలది తీసి, ఒక్కసారి వచ్చిపోయిన ఎగుమతి ఆర్డర్ల లాంటివి అందులోంచి తీసేయండి. మాకు అలా నెలకి 8,000, ఏడాదికి 96,000 తేలింది.

ఆ అంకె పక్కనే ఈ మాట ఉండాలి: “ఇది అంచనా మాత్రమే. ఇంత సరుకు కొంటామన్న హామీ కాదు. రిలీజ్ ఇచ్చిన పరిమాణమే ఆర్డర్.” ఈ వాక్యం లేకపోయినందుకే మా 7,000 పెట్టెల గొడవ అంత దూరం సాగింది.

అంతమాత్రాన రిలీజ్ ఇచ్చి కూడా ఎప్పుడంటే అప్పుడు రద్దు చేసుకోవచ్చని అనుకోకండి. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే బెల్లం కొనుగోలు కేసు ఇలాంటిదే. 1948లో 14,000 మణుగుల బెల్లం నాలుగు విడతల్లో, చెప్పిన తేదీల్లో ఇవ్వాలని ఆర్డర్ ఇచ్చారు. మధ్యలో రైల్వే మిగతాది రద్దు చేసింది. ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు తమకి ఉందని టెండర్‌లో రాసుకున్నామన్నది వాళ్ల వాదన. పరిమాణం, తేదీ ఖాయం చేసి ఆర్డర్ ఇచ్చాక దానికి కట్టుబడాల్సిందేనని, ఆ షరతు దాన్ని రద్దు చేయడానికి పనికిరాదని సుప్రీంకోర్టు తేల్చింది. రిలీజ్ అంటే పరిమాణం, తేదీ రెండూ ఉన్న కాగితమే. అది పంపే ముందు ప్లానింగ్‌వాళ్లతో ఒకసారి సరిచూసుకోండి.

ధర: ఏది కదిలితే కదలాలి

ఏడాదంతా 42 రూపాయలే అని కట్టేస్తే బాగానే కనపడుతుంది. క్రాఫ్ట్ పేపర్ ధర పెరిగినప్పుడు సప్లయర్ ధర పెంచమని అడగడు. పేపర్ గ్రామేజీ తగ్గిస్తాడు. పెట్టె తూకం 600 గ్రాముల నుంచి 560కి పడుతుంది, గోడౌన్‌లో అడుగు వరస పెట్టెలు నలుగుతాయి. ధర పెరగకుండా ఉందని మీరు సంతోషిస్తున్న నెలలోనే డిపోల నుంచి ఫిర్యాదులు వస్తాయి. అందుకే ప్రతి లాట్‌లో పది పెట్టెలు తూకం వేయమని స్టోర్స్‌కి చెప్పండి. తూకం తగ్గడం మొదలైందంటే మీ ధరకి, బజారు ధరకి పొంతన తప్పిందని గుర్తు.

దానికంటే ధరని పేపర్‌కి ముడేయడం మేలు. పెట్టె తూకం 600 గ్రాములు. కోతలో, అంచుల్లో పోయేది 8 శాతం వేసుకుంటే పెట్టెకి పట్టే పేపర్ 648 గ్రాములు, 650 అనుకుందాం. అంటే కిలో పేపర్ ఒక రూపాయి మారితే పెట్టె ధర 65 పైసలు మారాలి. పీఓ నాటి పేపర్ ధర 34 రూపాయలనుకుంటే, అదే మూల ధర అని పీఓలో రాసేయండి. ఏ మిల్లు, ఏ గ్రేడు, ఎవరి బిల్లు చూసి ధర తేలుస్తారో కూడా రాయండి. “బజారు ధర” అని వదిలేస్తే మీ బజారు ఒకటి, ఆయన బజారు ఒకటి అవుతుంది.

ధర మూడు నెలలకి ఒకసారి చూడండి. కిలోకి 2 రూపాయల లోపు తేడా ఉంటే ఎవరూ అడగకూడదు. దాటితే మార్చాలి. ఇక్కడ చాలామంది ఒక మాట మర్చిపోతారు. దాటితే మొత్తం తేడా లెక్కలోకి వస్తుందా, 2 రూపాయల పైన ఉన్నదేనా? పేపర్ 34 నుంచి 38 అయిందనుకోండి. మొత్తం 4 రూపాయలూ లెక్కిస్తే పెట్టెకి 2.60 పెరిగి 44.60 అవుతుంది. పైనున్న 2 రూపాయలే లెక్కిస్తే 1.30 పెరిగి 43.30 అవుతుంది. మూడు నెలల్లో 24,000 పెట్టెలు వస్తాయి కాబట్టి పెరుగుదల ఒక లెక్కలో 62,400, ఇంకో లెక్కలో 31,200. నేను మొత్తం తేడానే ఒప్పుకుంటాను, తగ్గినప్పుడు కూడా అదే సూత్రం వర్తిస్తుంది కాబట్టి. మీకు ఏది సమ్మతమైతే అది రాయండి, కింద ఒక ఉదాహరణ అంకెలతో వేసి చూపించండి. ఉదాహరణ ఉంటే వాదనకి చోటుండదు.

ధర ఎప్పుడూ జీఎస్టీ కాకుండా రాయండి, పన్ను బిల్లు నాటికి వర్తించే రేటు ప్రకారం అని విడిగా పెట్టండి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు, పన్ను కలిపి ధర రాసుకున్నవాళ్లు నడుస్తున్న పీఓలన్నీ తిరగరాసుకోవాల్సి వచ్చింది.

ఏ తేదీ నాటి ధర

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ధర జులై 1 నుంచి 44.60 అని అమెండ్‌మెంట్ ఇచ్చారు. 4,000 పెట్టెలకి రిలీజ్ ఇచ్చింది జూన్ 20న. రావాల్సింది జూన్ 28న. లారీ గేటు దగ్గరికి వచ్చింది జులై 3న. బిల్లు 44.60 చొప్పున ఉంది. తేడా 10,400 రూపాయలు. అకౌంట్స్ ఆ బిల్లు ఆపేస్తుంది, సప్లయర్ రోజూ ఫోన్ చేస్తాడు. మీరు పీఓ తెరిచి చూస్తే “ధర జులై 1 నుంచి అమలు” అని ఉంటుంది. దేనికి అమలు? రిలీజ్‌కా, డెలివరీ గడువుకా, గేట్ ఎంట్రీకా, బిల్లుకా?

బిల్లు తేదీ లేదా సరుకు దిగిన తేదీ పెడితే, ఆలస్యం చేసినవాడికే ఎక్కువ ధర దక్కుతుంది. ధర పెరుగుతుందని తెలిసిన వారం లారీలు ఆలస్యమవుతాయి. అలాగని రిలీజ్ తేదీ పెడితే తప్పు చేసే అవకాశం మీ వైపు వస్తుంది. జూన్ 29న మూడు నెలల సరుకుకి రిలీజ్ ఇచ్చేసి పాత ధర పట్టేయవచ్చు. అది సప్లయర్‌ని ముంచడమే. ఒకసారి అలా ముంచితే మీ ఆర్డర్ ఆయన దగ్గర ఎప్పుడూ ఆఖరికే పడుతుంది.

అందుకని రిలీజ్‌లో రాసిన డెలివరీ గడువు తేదీకి ఏ ధర అమల్లో ఉందో అదే కట్టాలని రాస్తాను. దాంతో పాటు రెండు షరతులు పెడతాను. సప్లయర్ వల్ల ఆలస్యమైతే గడువు నాటి ధర, వచ్చిన నాటి ధరల్లో తక్కువది. మా వైపు కారణంతో, అంటే గోడౌన్ ఖాళీ లేక మేమే ఆపమంటే, గడువు నాటి ధరే. పై ఉదాహరణలో గడువు జూన్ 28 కాబట్టి 42 రూపాయలే కట్టాలి. ఇక ఏ నెలలోనూ రిలీజ్ పరిమాణం సగటు మీద నాలుగో వంతుకి మించి పెరగకూడదని, అంటే మాకు 10,000 దాటకూడదని కూడా రాస్తాను. అంతకు మించి కావాలంటే సప్లయర్ ఒప్పుకోవాలి.

ఈ షరతు కాగితం మీద ఒకలా ఉండి, సిస్టమ్ ఇంకోలా నడిచే ప్రమాదం ఉంది. ఎస్ఏపీ షెడ్యూలింగ్ అగ్రిమెంట్‌లో తేదీల వారీ ధరలు పెడితే మామూలుగా సరుకు రిసీవ్ చేసిన తేదీ ధరనే అది పట్టుకుంటుంది. మీ దగ్గర ఎలా పెట్టారో ఐటీవాళ్లని అడిగి తెలుసుకోండి. రిసీవ్ తేదీ పట్టుకునేలా ఉంటే, ధర మారిన తర్వాత రెండు వారాల బిల్లుల్ని మీరే చేత్తో సరిచూసి, తేడాకి డెబిట్ నోట్ వేయించాలి. ఇంకొకటి, `ME32L`లో కొత్త ధర పెట్టేటప్పుడు పాత ధర మీద దిద్దొద్దు. కండిషన్లలో జులై 1 నుంచి కొత్త వాలిడిటీ పీరియడ్ తెరిచి దాంట్లో 44.60 వేయండి. పాతదాన్నే దిద్దితే జూన్‌లో ఏ ధర ఉండేదో ఆ తెరమీద కనిపించదు, అప్పటి సరుకు బిల్లులు ఇప్పుడు వస్తే లెక్క కుదరదు.

ఎంతవరకు పూచీ

రాబోయే షెడ్యూల్‌ని మూడు భాగాలు చేయండి. మొదటి రెండు వారాలు ఖాయం. ఆ సరుకు మీకు అక్కర్లేకపోయినా తీసుకుని డబ్బు కట్టాలి. తర్వాతి మూడు వారాలకి సప్లయర్ పేపర్ కొని పెట్టుకోవచ్చు, ప్రింటు మాత్రం కొట్టకూడదు. మీరు రద్దు చేస్తే ఆ పేపర్ మరో పనికి మళ్లించలేని మేరకే భరిస్తారు. ఆ పైన ఉన్నదంతా అంచనా, ఆయన కెపాసిటీ చూసుకోవడానికే. ఎస్ఏపీలో వీటినే ఫర్మ్ జోన్, ట్రేడ్-ఆఫ్ జోన్ అంటారు. ఐటమ్ అదనపు వివరాల్లో 14 రోజులు, 35 రోజులు అని వేస్తే, ఏ వరస ఏ జోన్‌లో పడుతుందో రిలీజ్ కాగితం మీదే వస్తుంది. రెండో అంకె కూడా ఇవాళ్టి నుంచే లెక్క, అందుకే 21 కాకుండా 35.

రోజుల్ని ఊహించి వేయకండి. సప్లయర్ షెడ్‌కి వెళ్లి చూడండి. రీలు ఎన్ని రోజుల్లో వస్తుంది, ప్లేటు ఎక్కించాక ఒక్కసారికి కనీసం ఎన్ని పెట్టెలు కొడితే గిట్టుబాటవుతుంది అని అడగండి. మా సప్లయర్ మిషన్ మీద ఒక్కసారి ప్లేటు ఎక్కిస్తే 4,000 కొట్టాల్సిందే. నేను వారానికి 2,000 చొప్పున రిలీజ్ ఇస్తూ పోతే, మిగతా 2,000 ఆయన మూలన పడి ఉంటాయన్న మాట. అందుకే పదిహేను రోజులకి 4,000గా మార్చాం. ఆ మిషన్ పక్కన పేర్చి ఉన్న మా పెట్టెల్ని చూశాకే ఈ సంగతి నాకు తట్టింది.

నెలనెలా లెక్క సరిచూడటం

రిలీజ్‌లో ఐటమ్ కోడ్, ప్రింటు వెర్షన్ నంబరు, తేదీ, పరిమాణం, ఇప్పటిదాకా ఇచ్చిన మొత్తం, అందిన మొత్తం ఉండాలి. వాట్సాప్‌లో “రేపు రెండు వేలు పంపండి” అని పెడితే అది కూడా ఆర్డర్ కిందే వాదనకొస్తుంది. అత్యవసరంగా పెట్టాల్సి వస్తే ఆ రోజే సిస్టమ్‌లో రిలీజ్ వేసి నంబరు పంపండి.

నెలాఖరున మీ మొత్తం, ఆయన మొత్తం పక్కపక్కన పెట్టి చూడండి. ఒకసారి మా రిలీజ్‌లు 38,000, పంపినట్టు ఆయన లెక్క 35,500. ఇంకా 2,500 ఇవ్వాలని ఆయన. మా లెక్కలో 3,000. మధ్యలో ఉన్న 500 క్యూసీ రిజెక్ట్ చేసి వెనక్కి పంపినవి. రిజెక్ట్ అయినవి సరఫరా కింద లెక్కకి రావు, వాటి బదులు పంపినవి పాత రిలీజ్ మీదే, పాత ధరకే అని పీఓలో రాయండి. సిస్టమ్ లేని చిన్న యూనిట్ అయితే ఎక్సెల్‌లో `A` కాలమ్‌లో ఐటమ్ కోడ్, `D`లో రిలీజ్ ఇచ్చింది, `E`లో క్యూసీ పాసైంది వేసుకుంటే రావాల్సింది ఇలా తేలుతుంది:

```
=SUMIFS(D:D,A:A,"BX5-01")-SUMIFS(E:E,A:A,"BX5-01")
```

ముగింపు తేదీ దగ్గర పడ్డప్పుడు

పీఓ రెండు రకాలుగా అయిపోతుంది. పరిమాణం ముందే నిండుతుంది, లేకపోతే గడువు ముందే తీరుతుంది. ఆఖరి నెల దాకా ఆగకుండా, 96,000లో 72,000 దాటిన రోజున లేదా గడువుకి 60 రోజుల ముందు, ఏది ముందైతే అప్పుడు ఫైలు బయటికి తీయండి. పరిమాణం పెంచాలంటే అమెండ్‌మెంట్ మళ్లీ సంతకాలకి తిరగాలి, దానికి మీ ఆఫీసులో ఎన్నాళ్లు పడుతుందో మీకు తెలుసు. గడువు ఒక్కటే పొడిగించి ధర సంగతి రాయకపోతే పాత ధరే పొడిగిందని మీరు, ధర గడువు తీరిందని ఆయన అంటారు. పీఓ వాలిడిటీ, ధర వాలిడిటీ రెండు వేర్వేరు తేదీలు. పొడిగించే ఉత్తరంలో రెండూ ఉండాలి.

గడువు లోపల ఇచ్చి, గడువు దాటాక రావాల్సిన రిలీజ్‌లు ఆఖరి ధరకే చెల్లుతాయని, అవి గడువు తర్వాత 30 రోజుల్లోపు రావాలని ఒక లైను కలపండి. మూసేసే రోజున సప్లయర్ దగ్గర పాత ప్రింటు పెట్టెలు, ప్లేట్లు ఎన్ని ఉన్నాయో ఆయన సంతకంతో రాయించుకుని, ఆ కాగితాన్ని కొత్త పీఓ ఫైలులో మొదటి పేజీగా పెట్టుకోండి.